ఏ స్టార్ 8 అంటోంది, డైక్‌స్ట్రా 5.5 అంటోంది: తప్పు హ్యూరిస్టిక్‌దా, నా కోడ్‌దా?

చతురస్రం

అందరికీ నమస్కారం. గళ్ళ మ్యాప్ మీద దారి వెతికే చిన్న ఆట రాస్తున్నాను. కదలిక నాలుగు దిక్కులకే, మూలగా వెళ్ళడం లేదు. ఏ గడిలోకి అడుగు పెడితే ఆ గడి ఖర్చు పడుతుంది. మామూలు నేల 1, బురద 3. ఇన్నాళ్ళూ ఏ స్టార్, డైక్‌స్ట్రా రెండూ ఒకే ఖర్చు చెప్పేవి. పోయిన వారం రోడ్డు అనే కొత్త రకం గడి పెట్టి దాని ఖర్చు 0.5 చేశాను. అప్పటి నుంచి ఏ స్టార్ రోడ్డు పక్కనే ఉన్నా పట్టించుకోకుండా నేల మీదే నేరుగా వెళ్తోంది. డైక్‌స్ట్రా మాత్రం చక్కగా రోడ్డెక్కుతోంది.

ఇంకో విచిత్రం, దగ్గరి గమ్యాలకు రెండూ ఒకే జవాబు ఇస్తున్నాయి. దూరం పెరిగితేనే తేడా వస్తోంది. రెండు రోజులుగా క్యూ కోడే చూస్తున్నాను, తప్పు కనపడలేదు. హ్యూరిస్టిక్ మాన్‌హటన్ దూరమే.

వేగం_ముఖ్యం

గ్రిడ్ మీద మాన్‌హటన్ ఎప్పుడూ అడ్మిసిబులే, దాన్ని అనుమానించకండి. ఇలాంటివి తొంభై శాతం ప్రయారిటీ క్యూలో వస్తాయి. ఒక గడికి తక్కువ ఖర్చు దారి దొరికినప్పుడు క్యూలో ఉన్న పాత విలువను మారుస్తున్నారా? పైథాన్ `heapq`లో ఆ సదుపాయం లేదు. కొత్తది మళ్ళీ తోసి, పాతది బయటికి వచ్చినప్పుడు వదిలేయాలి. అది చూసుకోండి.

చతురస్రం

అది చేస్తున్నాను. పైగా డైక్‌స్ట్రాకూ అదే ఫంక్షన్, `h` చోట 0 పంపుతున్నానంతే. క్యూ తప్పయితే రెండూ తప్పాలి కదా?

తేడా వచ్చే అతి చిన్న మ్యాప్ తయారు చేశాను. రెండు వరుసలు, తొమ్మిది నిలువు వరుసలు. పై వరుస మొత్తం నేల, కింది వరుస మొత్తం రోడ్డు. బయలుదేరేది (0,0), గమ్యం (8,0), రెండూ పై వరుసలోవే.

```python
def h(a, goal):
    return abs(a[0]-goal[0]) + abs(a[1]-goal[1])

g2 = g[cur] + cost[nxt]
if nxt not in g or g2 < g[nxt]:
    g[nxt] = g2
    heapq.heappush(q, (g2 + h(nxt, goal), nxt))
```

డైక్‌స్ట్రా 5.5 అంటోంది. ఏ స్టార్ 8.

ఎర్రపెన్ను

మంచి పని చేశారు, ఇంత చిన్న మ్యాప్ ఉంటే కాగితం మీదే చూడొచ్చు. మీ క్యూలో తప్పేమీ లేదు. తప్పంతా `h`లో ఉంది. రోడ్డు వచ్చిన రోజు నుంచి అది అడ్మిసిబుల్ కాదు.

ముందు అసలు జవాబు చూద్దాం. (0,0) నుంచి కిందికి దిగితే 0.5. రోడ్డు మీద ఎనిమిది గళ్ళు నడిస్తే 4. చివర్లో గమ్యంలోకి ఎక్కడానికి 1. మొత్తం 5.5. డైక్‌స్ట్రా చెప్పింది నిజం.

ఇప్పుడు ఏ స్టార్ ఏం చూస్తోందో చూడండి. మొదటి గడి దగ్గర ఇప్పటిదాకా అయిన ఖర్చు `g` 0, `h` 8, రెండూ కలిపిన `f` 8. కుడివైపు (1,0)కి `g` 1, `h` 7, మళ్ళీ `f` 8. దాని పక్కదీ అంతే. పై వరుసలో నడిచినంతసేపూ `g` ఒకటి పెరిగితే `h` ఒకటి తగ్గుతుంది, `f` 8 దగ్గరే నిలబడి ఉంటుంది. మరి రోడ్డు గడి (0,1)? దాని `g` 0.5 మాత్రమే. కానీ అక్కడి నుంచి గమ్యం తొమ్మిది అడుగులు కాబట్టి `h` 9 అంటుంది, `f` 9.5 అయింది. (1,0) నుంచి దిగినా, (5,0) నుంచి దిగినా లెక్క అదే, 9.5. క్యూ ఎప్పుడూ చిన్నదాన్నే బయటికి తీస్తుంది. 8లు అయిపోయేదాకా 9.5 వంతు రాదు, 8లలో ఆఖరిది గమ్యమే. తొమ్మిది గళ్ళు తీసి, 8 అని చెప్పి ఆగిపోయింది. రోడ్డు మీద ఒక్క గడి కూడా బయటికి రాలేదు.

ఇక్కడ క్యూ తనకు చెప్పిన పని సరిగ్గానే చేసింది. మనం దానికి అబద్ధం చెప్పాం. (0,1) నుంచి నిజంగా పట్టేది 5, `h` చెప్పింది 9. మిగిలిన దారికి నిజంగా అయ్యే అతి తక్కువ ఖర్చు కన్నా `h` ఏ గడి దగ్గరా ఎక్కువ చెప్పకూడదు. అడ్మిసిబుల్ అంటే అడిగేది ఇదొక్కటే. మాన్‌హటన్ లెక్కించేది అడుగులను. ఒక అడుగుకు కనీసం 1 పడుతుందని మీరు మనసులో అనుకున్నది రోడ్డు రాగానే చెల్లకుండా పోయింది.

`h`ని 0.5తో గుణించి చూడండి.

కొత్తగా_చేరా

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు అర్థం కానిది ఇది. అంచనా నిజానికి దగ్గరగా ఉండాలి కదా? మధ్యలో గోడలుంటే మాన్‌హటన్ 10 అంటుంది, నిజంగా చుట్టూ తిరిగితే 40 అవుతుంది. నాలుగింతల తేడా. అప్పుడు మాన్‌హటన్ అడ్మిసిబుల్ కాదనాలి కదా. మరి గోడలున్న మ్యాప్‌లన్నిటిలో అందరూ దాన్నెలా వాడుతున్నారు?

ఎర్రపెన్ను

మీరు దగ్గరితనాన్నీ అడ్మిసిబుల్‌నూ ఒకటిగా చూస్తున్నారు. దగ్గరగా ఉంటే వేగం వస్తుంది. ఎక్కువ చెప్పకుండా ఉంటే జవాబు సరిగా వస్తుంది. ఈ రెండూ వేర్వేరు. 40కి 10 చెప్పడం చాలా దూరమే, కానీ దాని వల్ల జవాబు చెడదు, పని పెరుగుతుందంతే. 40కి 41 చెప్పడం చాలా దగ్గరే, కానీ దాంతో హామీ పోయింది. గోడలు నిజమైన ఖర్చును పెంచడమే తప్ప తగ్గించలేవు. అందుకే ఎన్ని గోడలు పెట్టినా మాన్‌హటన్‌కు ప్రమాదం లేదు. ఖర్చును తగ్గించే వస్తువు మ్యాప్‌లోకి వచ్చినప్పుడే భయపడాలి. రోడ్డు అలాంటిదే.

తక్కువ చెబితే ఎందుకు చెడదో కూడా చెప్తాను. అన్నిటికన్నా మంచి దారి ఒకటి ఉందనుకోండి, దాని ఖర్చు C. వెతుకులాట ఎంతవరకు వచ్చినా, గమ్యం బయటికి రానంతవరకు, ఆ మంచి దారిలోని ఏదో ఒక గడి క్యూలో ఎదురుచూస్తూ ఉంటుంది. దాని దాకా వచ్చిన దారి మంచి దారిలో ముక్కే అనుకుంటే దాని `g` నిజమైనది. `h` ఎక్కువ చెప్పదు. కాబట్టి దాని `f` C కన్నా ఎక్కువ కాదు. ఇప్పుడు గమ్యం C కన్నా ఎక్కువ ఖర్చుతో క్యూలోకి వచ్చినా, ఈ గడి దానికన్నా ముందుంటుంది. అది బయటికి వచ్చి, తర్వాతి గడిని తోస్తుంది. అలా మంచి దారి మొత్తం తెరుచుకున్నాకే గమ్యం వంతు వస్తుంది.

చతురస్రం గారి మ్యాప్‌లో తెగిపోయింది సరిగ్గా ఈ గొలుసే. మంచి దారి తరఫున క్యూలో నిలబడ్డ గడి (0,1). దాని `f` 5.5కి మించకూడదు. 9.5 రాసిపెట్టాం. పాపం అది అక్కడే ఉండిపోయింది.

ఈ మాట ముందు అంచనాకు కాదు, పద్ధతికే వాడారు. 1968లో హార్ట్, నిల్సన్, రాఫెల్ రాసిన పేపర్‌లో, మంచి దారిని తప్పక కనిపెట్టే అల్గారిథమ్‌ను అడ్మిసిబుల్ అన్నారు. తర్వాత ఆ మాట హ్యూరిస్టిక్‌కు అంటుకుంది. ఆ మూలం గుర్తుంటే, ఇది దగ్గరితనం గురించిన మాట కాదని మర్చిపోం.

వేగం_ముఖ్యం

సరే, నేను అన్ని గళ్ళ ఖర్చూ 1 అనుకుని మాట్లాడాను. ఆ షరతుతో అయితే నా మాట నిజమే. 1 కన్నా తక్కువ ఖర్చు గడి లేకపోతే గ్రిడ్ మీద మాన్‌హటన్‌కు తిరుగు లేదు.

నిలకడ

ఇంకో షరతు మిగిలింది, మూలగా వెళ్ళకూడదు. ఎనిమిది దిక్కుల కదలికలో (0,0) నుంచి (3,3)కి మూడు మూల అడుగులు చాలు. మూల అడుగు ఖర్చు √2 అయితే మొత్తం దాదాపు 4.24. మాన్‌హటన్ 6 అంటుంది. ఖర్చులన్నీ 1 దగ్గర మొదలైనా సరే, ఇది ఎక్కువ చెప్పడమే. అక్కడ వాడేది ఇది:

```python
dx, dy = abs(a[0]-b[0]), abs(a[1]-b[1])
h = max(dx, dy) + (2**0.5 - 1) * min(dx, dy)
```

మూల అడుగుకు కూడా 1 మాత్రమే వేసే ఆటల్లో `max(dx, dy)` సరిపోతుంది. ఏది వాడాలో ఫార్ములా పేరు చూసి కాదు, ఒక్క అడుగులో ఎంత చౌకగా ఎంత దూరం పోగలమో చూసి తేల్చుకోవాలి.

లెక్కల_బల్ల

చతురస్రం గారూ, కాగితం మీద వాదించే బదులు మెషీన్‌తోనే పట్టించొచ్చు. గమ్యం నుంచి వెనక్కి ఒక్కసారి డైక్‌స్ట్రా నడపండి, ఎక్కడా ఆగకుండా మ్యాప్ అంతా. అప్పుడు ప్రతి గడి నుంచి గమ్యానికి నిజమైన ఖర్చు మీ చేతిలో ఉంటుంది. ఇక ప్రతి గడికీ `h` అంతకన్నా ఎక్కువుందేమో చూడటమే. ఎక్కువున్న ఒక్క గడి దొరికినా `h` అడ్మిసిబుల్ కాదు.

కానీ ఒక గొయ్యి ఉంది, నేను అందులో పడ్డాను. మీ మ్యాప్‌లో ఖర్చు అడుగు పెట్టే గడిది. వెనక్కి నడిచేటప్పుడు అదే కోడ్ వాడితే తప్పు గడి ఖర్చు పడుతుంది. `cur` నుంచి వెనక్కి `nxt`కి వెళ్తున్నామంటే, నిజమైన ప్రయాణంలో `nxt` నుంచి `cur`లోకి అడుగు పెడుతున్నాం. కాబట్టి వేయాల్సింది `cur` ఖర్చు.

```python
d2 = d[cur] + cost[cur]   # cost[nxt] కాదు
```

ఇది తప్పు రాస్తే మీకు వెంటనే తెలియదు, అదే బాధ. గమ్యం ఖర్చు బదులు మొదటి గడి ఖర్చు కలుస్తుంది, మిగతాదంతా ఒకటే. రెండూ నేల అయితే తేడా సున్నా. మొదటి గడి బురదైతే నిజం కన్నా 2 ఎక్కువ చూపిస్తుంది, దాంతో ఎక్కువ చెబుతున్న `h` కూడా పరీక్ష దాటిపోతుంది. నా పరీక్ష నెల రోజులు అన్నీ బాగున్నాయని చెప్పింది.

చతురస్రం

నడిపాను. పాత `h`తో 18 గళ్ళలో 13 దగ్గర ఎక్కువ చెబుతోంది. ఎక్కువ చెప్పనివి గమ్యం, దాని ఎడమ వైపు మూడు నేల గళ్ళు, గమ్యం కిందున్న రోడ్డు గడి. అంతే.

దీంతో నా మొదటి ప్రశ్నకు కూడా జవాబు దొరికింది. గమ్యానికి మూడు గళ్ళ దూరంలో నేల మీద ఉంటే నేరుగా వెళ్ళినా 3, రోడ్డెక్కి దిగినా 3. అక్కడ మాన్‌హటన్ 3 అనడం సరిగ్గా సరిపోయింది. నాలుగు గళ్ళ దూరానికి రోడ్డు మీద 3.5, మాన్‌హటన్ 4. తేడా మొదలయ్యేది అక్కడే. నేను ఇన్నాళ్ళూ చిన్న మ్యాప్‌లతో పరీక్షలు రాసి నిశ్చింతగా ఉన్నాను.

0.5తో గుణించాక ఏ స్టార్ కూడా 5.5 చెప్పింది. అయితే ఇదివరకు 9 గళ్ళు తీసేది, ఇప్పుడు దాదాపు డైక్‌స్ట్రా తీసినన్ని తీస్తోంది. కొంచెం నిరాశగా ఉంది.

ఎర్రపెన్ను

ఆ 9 తప్పు జవాబుకు అయిన ఖర్చు, దాంతో పోల్చకండి. ఈ మ్యాప్‌లో డైక్‌స్ట్రా 18 గళ్ళూ తీశాకే గమ్యానికి వస్తుంది, ఎందుకంటే మిగతా 17 గళ్ళూ 5.5 కన్నా చౌక. 0.5 `h`తో లెక్కేస్తే గమ్యం కన్నా `f` తక్కువున్నవి 12 గళ్ళే. రోడ్డు గళ్ళన్నిటికీ 5, పై వరుసలో మొదటి మూడింటికి 4, 4.5, 5. మిగతా నేల గళ్ళకు 5.5, గమ్యానికీ 5.5. గమ్యంతో కలిపి 13 చాలు. మీకు అంతకన్నా ఎక్కువ వస్తున్నాయంటే, 5.5 దగ్గర సమానంగా ఉన్న గళ్ళలో గమ్యానికి చివరి వంతు వస్తోందన్నమాట. మీ క్యూలో తోసే టపుల్ ఒకసారి చూడండి.

వేగం_ముఖ్యం

0.5తో గుణించే బదులు అన్ని ఖర్చుల్నీ రెట్టింపు చేస్తే పోయేది కదా! రోడ్డు 1, నేల 2, బురద 6. అప్పుడు మాన్‌హటన్ మార్చకుండా వాడొచ్చు, బలం కూడా తగ్గదు.

నిలకడ

అడ్మిసిబుల్ అవుతుంది, అది నిజం. బలం మాత్రం అదే. నేల మీద నిజమైన ఖర్చు అడుగుకు 2 అయింది, `h` 1 అంటోంది. ఇంతకుముందు 1కి 0.5 అనేది. నిష్పత్తి మారలేదు కాబట్టి క్యూలోంచి వచ్చే వరుసా మారదు. ఒక్క లాభం ఉంది, అన్నీ పూర్ణాంకాలవుతాయి. √2 ఉన్న మ్యాప్‌లలో సమానంగా ఉండాల్సిన `f`లు చివరి దశాంశాల్లో తేడాగా వచ్చి వరుసను కలిపేస్తుంటాయి, ఆ ఇబ్బంది ఇక్కడ ఉండదు.

చతురస్రం

ఎర్రపెన్ను గారూ, టపుల్ చూడమన్నారు కదా. దానికి ముందు ఒక వింత చెప్పాలి. రోడ్డూ బురదా ఏమీ లేని 100×100 ఖాళీ మ్యాప్ తీసుకున్నాను. మామూలు మాన్‌హటన్. (0,0) నుంచి (99,99)కి వెళ్తే ఏ స్టార్ 10,000 గళ్ళు తీసింది. మొత్తం మ్యాప్! డైక్‌స్ట్రా కూడా 10,000. అదే మ్యాప్‌లో (99,99) నుంచి (0,0)కి తిరిగి వస్తే 199 గళ్ళే తీసింది. ఒకే కోడ్, ఒకే హ్యూరిస్టిక్. దిశ మారితే యాభై రెట్లు తేడా ఎలా?

వేగం_ముఖ్యం

ఇది జరగకూడదు. ఏ స్టార్ ఎప్పుడైనా డైక్‌స్ట్రా కన్నా తక్కువే చూస్తుంది. లెక్కపెట్టే కోడ్‌లో ఏదో ఉంది.

ఎర్రపెన్ను

లెక్క సరైనదే, ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతికినా దొరకదు. మంచి హ్యూరిస్టిక్ ఉంటే డైక్‌స్ట్రా కన్నా ఎక్కువ పని ఉండదన్నది దాదాపు నిజం, కానీ తక్కువే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఖాళీ మ్యాప్‌లో మూల నుంచి మూలకు వెళ్తే ప్రతి గడీ ఏదో ఒక అతి చిన్న దారిలో ఉంటుంది. ఏ గడి తీసుకున్నా `g`, `h` కలిపితే 198. పదివేల గళ్ళకూ `f` సమానం. అంటే `f` ఇక్కడ ఏమీ చెప్పడం లేదు. క్యూ ఎవరిని ముందు పిలుస్తుందన్నది పూర్తిగా టై దగ్గర జరిగేదాని మీదే ఆధారపడి ఉంది. మీరు తోస్తున్నది `(f, nxt)`. `f` సమానమైతే పైథాన్ తర్వాతి భాగాన్ని, అంటే గడి నిర్దేశాంకాల్ని పోలుస్తుంది. చిన్నది ముందు.

(0,0) నుంచి బయలుదేరితే (0,1), (0,2) అంటూ మొదటి అంకె 0 ఉన్నవన్నీ అయిపోవాలి, తర్వాత 1 ఉన్నవన్నీ, అలా. (99,99) అన్నిటికన్నా పెద్దది, అది చివరిది. అందుకే సరిగ్గా 10,000. వెనక్కి వచ్చేటప్పుడు అదే అలవాటు మీకు కలిసొచ్చింది. చిన్న నిర్దేశాంకాలు అంటే గమ్యం వైపున్నవే. (98,99), (97,99) అంటూ (0,99) దాకా, అక్కడి నుంచి (0,0) దాకా సూటిగా వచ్చేసింది. 99, 99, మొదటి గడి కలిపితే 199.

మార్పు ఒక్కటే:

```python
heapq.heappush(q, (g2 + hv, hv, nxt))
```

ఇక్కడ `hv` అంటే `h(nxt, goal)`. `f` సమానంగా ఉంటే `h` తక్కువున్నది, అంటే గమ్యానికి దగ్గరున్నది ముందు వస్తుంది. అడ్మిసిబుల్ హామీకి దీంతో ఏ నష్టమూ లేదు, ఎందుకంటే `f` వరుసను మనం ముట్టుకోలేదు.

చతురస్రం

రెండు వైపులా 199! రోడ్డు మ్యాప్‌లో కూడా మీరు చెప్పిన 13 వచ్చింది. నిన్నటిదాకా నాకు టెన్షన్ పెట్టిన రెండు సమస్యలూ ఒకే రోజు వచ్చి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, విడివిడిగా చూడలేకపోయాను.

ద్వారం_దాటి

నాదీ ఇలాంటిదే, కానీ నా మ్యాప్‌లో రోడ్లు లేవు, ద్వారాలున్నాయి. P గడిలో నిలబడితే 2 ఖర్చుతో దూరంగా ఉన్న Q గడికి వెళ్ళొచ్చు, అటు నుంచి ఇటూ రావొచ్చు. అడుగుకు ఖర్చు 1. మీరు చెప్పినట్టు కనీస ఖర్చుతో గుణిద్దామంటే ఎంతతో గుణించాలి? P, Q మధ్య అడుగులు 60. 60కి 2 అంటే ముప్ఫయ్యో వంతు. అలా గుణిస్తే `h` ఉన్నా లేనట్టే. పోనీ ద్వారాలున్న మ్యాప్‌లలో డైక్‌స్ట్రానే వాడనా?

నిలకడ

గుణించక్కర్లేదు. ద్వారాన్ని `h`లోనే కలపండి. గోడల్ని పక్కన పెట్టి ఆలోచిస్తే ఒక గడి నుంచి గమ్యానికి మూడే మార్గాలు: నేరుగా నడవడం, P దాకా నడిచి Q నుంచి నడవడం, Q దాకా నడిచి P నుంచి నడవడం. మూడింటిలో చిన్నదే `h`.

```python
h = min(M(n, G),
        M(n, P) + 2 + M(Q, G),
        M(n, Q) + 2 + M(P, G))
```

గోడలు లేని మ్యాప్‌లో ఇదే నిజమైన దూరం, గోడలు వస్తే నిజం పెరుగుతుందే గాని తగ్గదు. ద్వారానికి దూరంగా ఉన్న గళ్ళ దగ్గర మాన్‌హటన్ బలమంతా అలాగే ఉంటుంది. ద్వారాల జతలు ఎక్కువైతే ఒకదాని నుంచి ఇంకోదానికి దూకే దారులు కూడా లెక్కలోకి రావాలి. అప్పుడు ద్వారాలూ గమ్యమూ మాత్రమే ఉన్న చిన్న గ్రాఫ్ మీద ముందుగా ఒకసారి డైక్‌స్ట్రా నడిపి, ప్రతి ద్వారం నుంచి గమ్యానికి దూరాలు దాచుకోండి.

చతురస్రం గారూ, మీ రోడ్డుకు ఈ ఉపాయం అంత సులభంగా అతకదు. ద్వారానికి రెండే చివరలు. రోడ్డును ఏ గడి దగ్గరైనా ఎక్కొచ్చు, దిగొచ్చు.

సాయంత్రం_కోడ్

నేను ఆటలే రాస్తాను కాబట్టి ఆ వైపు నుంచి ఒక మాట. మీరంతా 0.5 పెట్టి తీరాలన్నట్టు మాట్లాడుతున్నారు. మ్యాప్‌లో వందకు రెండు గళ్ళు రోడ్డయితే, ఆ రెండింటి కోసం మిగతా తొంభై ఎనిమిది గళ్ళ మీద కూడా `h` సగం బలంతో పనిచేయాలి. నా ఆటలో నేను తెలిసే ఎక్కువ గుణకం వాడతాను. వందల మంది సైనికులు ఒకేసారి కదలాలి, ప్రతి దారీ అతి చిన్నదై ఉండాలని ఎవరూ కొలవరు.

ఎర్రపెన్ను

అది తప్పని నేను అనను, ఎంత పోతుందో తెలిసి చేస్తే చాలు. అడ్మిసిబుల్, కన్సిస్టెంట్ అయిన `h`ని w రెట్లు పెంచితే వచ్చే దారి ఖర్చు మంచి దారికి w రెట్లు దాటదు. చతురస్రం గారి పాత `h`ని 0.5 `h`కి రెట్టింపుగా చూడండి. w 2 అవుతుంది. 5.5కి రెట్టింపు 11, వచ్చింది 8. హామీ లోపలే ఉంది. అంటే ఆ పాత కోడ్ కూడా ఇష్టం వచ్చినంత తప్పలేదు, రెండు రెట్ల లోపు తప్పింది. మధ్యలో 1.2, 1.5 రెట్లు కూడా పెట్టుకోవచ్చు.

కన్సిస్టెంట్ అన్నాను కదా, అది కొంచెం గట్టి షరతు. ఒక అడుగు వేస్తే `h` ఆ అడుగు ఖర్చు కన్నా ఎక్కువ పడిపోకూడదు. మాన్‌హటన్‌ను కనీస ఖర్చుతో గుణిస్తే అది దానంతటదే ఉంటుంది. అది లేని `h` వాడేటప్పుడు, ఒకసారి బయటికి తీసిన గడికి తర్వాత చౌక దారి దొరికితే దాన్ని మళ్ళీ తెరవాలి. తీసిన గళ్ళను ఇక ముట్టుకోని కోడ్ అయితే, `h` అడ్మిసిబుల్ అయినా జవాబు తప్పొచ్చు. మీ కోడ్ `g` తగ్గితే మళ్ళీ తోస్తుంది కాబట్టి ఆ ప్రమాదం లేదు.

నిలకడ

సాయంత్రం_కోడ్ గారితో నేను ఏకీభవించను. రెట్ల హామీ కాగితం మీద బాగుంటుంది. కానీ రోడ్డు పక్కనే ఉండగా బండి పొలంలో పడి పోతుంటే ఆడేవాళ్ళకు కనపడేది అదే. ఖర్చు ఎంత శాతం పెరిగిందని వాళ్ళు చూడరు. రోడ్డు వేసిందే వాడటానికి.

సాయంత్రం_కోడ్

మీ ఆటలో రోడ్డు ముఖ్యమైతే అలాగే చేయండి. నా దాంట్లో కదలిక ఒక్క క్షణం ఆగినా జనం వెళ్ళిపోతారు. ఇది ఏ ఆట అన్నదాన్ని బట్టి ఉంటుంది, నా అభిప్రాయం మారలేదు.

లెక్కల_బల్ల

వందల మంది ఒకే చోటికి పోతున్నారంటే అసలు ఏ స్టార్ ఎందుకు? నేను పరీక్ష కోసం చెప్పిన వెనక్కి డైక్‌స్ట్రానే ఒకసారి నడిపితే ప్రతి గడికీ నిజమైన దూరం దొరుకుతుంది. తర్వాత ప్రతి ఒక్కరూ తమ పక్క గళ్ళలో అడుగు ఖర్చు, మిగిలిన దూరం కలిపి ఏది తక్కువో అటు అడుగేస్తే చాలు. వంద వెతుకులాటల బదులు ఒక్కటి. ఒక్కొక్కరి గమ్యం వేరైనప్పుడే ఏ స్టార్‌కు పని.

చతురస్రం

నా ఆటలో గమ్యాలు వేర్వేరు, కాబట్టి ఏ స్టార్‌తోనే ఉంటాను. గుణకాన్ని గట్టిగా 0.5 అని రాయకుండా మ్యాప్ లోడ్ అయినప్పుడు అన్ని గళ్ళలో కనీస ఖర్చు వెతికి దాన్నే వాడేలా మార్చాను. రోడ్డు లేని మ్యాప్‌కు 1 వస్తుంది, ఉన్నదానికి 0.5. లెక్కల_బల్ల గారి పరీక్షను 12×12 మ్యాప్‌లు యాదృచ్ఛికంగా తయారు చేసి నడుపుతున్నాను, ఇప్పటిదాకా ఎక్కడా ఎక్కువ చెప్పలేదు.

ఒక సందేహం మిగిలింది. ఆడేవాళ్ళు మధ్యలో రోడ్డు వేయగలరు. మొదటి రోడ్డు గడి పడిన క్షణం గుణకం 1 నుంచి 0.5కి మారాలి. అప్పటికే సగం నడిచిన వెతుకులాట ఉంటే క్యూలోని పాత `f`లన్నీ పాత `h`తో లెక్కేసినవి. వాటిని కొత్తగా లెక్కేసి కొనసాగించడం కుదురుతుందా, లేక పారేసి మొదటి నుంచి మొదలుపెట్టడమే మేలా?

ఎర్రపెన్ను

`h` ఒక్కటే మారి ఉంటే క్యూను కొత్త `f`లతో మళ్ళీ పేర్చి కొనసాగించొచ్చు, మీ కోడ్ గళ్ళను మళ్ళీ తెరుస్తుంది కాబట్టి. కానీ రోడ్డు వేశారంటే గడి ఖర్చు కూడా మారింది. ఇప్పటికే బయటికి తీసిన గడి పక్కన రోడ్డు పడితే ఆ పక్క గడి `g` పాతదే ఉండిపోతుంది, దాన్ని ఎవరూ మళ్ళీ చూడరు. నేనైతే పారేసి మొదలుపెడతాను. మీ మ్యాప్ ఎంత పెద్దది?

చతురస్రం

400×400. సగటున ఒక వెతుకులాటకు ఎన్ని గళ్ళు తీస్తోందో రేపు కొలిచి ఇక్కడే పెడతాను.